గోరుచుట్టు: ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు, చీము ఎప్పుడు తీయించాలి

గోటి పక్కన లేచిన చిన్న తోలును పళ్లతో పీకేస్తాం, లేదా గోరు మూలను కట్టర్‌తో మరీ లోతుగా కత్తిరిస్తాం. అప్పటికి చురుక్కుమంటుంది, మరచిపోతాం. మర్నాటికి ఆ మూల ఎర్రబడి ముట్టుకుంటే నొప్పెడుతుంది. ఆపై వాపు పెరిగి, వేలు రాత్రంతా సలుపుతూ నిద్ర పట్టనివ్వదు. ఇదే గోరుచుట్టు. వైద్య పరిభాషలో అక్యూట్ పారోనీకియా అంటారు.

గోరుచుట్టు విషయంలో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: లోపల చీము చేరిందా, ఇంకా చేరలేదా? చేరకముందు గోరువెచ్చని నీళ్లతోనే చాలావరకు తగ్గిపోతుంది. చేరాక ఎన్ని మాత్రలు మింగినా, ఎన్ని పూతలు పూసినా ఆ చీము బయటికి వచ్చేదాకా నొప్పి వదలదు. ఈ తేడా గుర్తించలేకనే కొందరు అవసరం లేని యాంటీబయాటిక్ వాడతారు, మరికొందరు తీయించవలసిన చీమును రోజుల తరబడి వేలిలోనే ఉంచుకుంటారు.

లోపల జరిగేది

గోటికీ దాన్ని మూడు వైపులా పట్టి ఉంచే చర్మానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. గోటి మొదట్లో కనిపించే పలుచని పొర, అంటే క్యూటికిల్, కిటికీ అద్దం అంచున పెట్టే లప్పంలా ఆ సందును మూసి ఉంచుతుంది. గోరు కొరికినా, తోలు పీకినా, బ్యూటీ పార్లర్‌లో క్యూటికిల్ కత్తిరించినా ఆ మూత తెగిపోతుంది. అప్పుడు చర్మం మీద ఉండే బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. చాలాసార్లు అది స్టాఫిలోకాకస్ ఆరియస్, కొన్నిసార్లు స్ట్రెప్టోకాకస్.

గోళ్లు కొరికేవారిలో, బొటనవేలు చప్పరించే పిల్లల్లో వీటితోపాటు నోటిలోని బ్యాక్టీరియా కూడా లోపలికి చేరుతుంది. వాటిలో కొన్ని మామూలుగా చర్మానికి ఇచ్చే యాంటీబయాటిక్‌కు లొంగవు. అందుకే డాక్టర్ దగ్గర మొహమాటపడకుండా ‘గోళ్లు కొరికే అలవాటు ఉంది’ అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో రాసే మందు మారవచ్చు.

ఇంత చిన్న చోట అంత నొప్పి ఎందుకంటే, వేలి కొసలో నరాలు దట్టంగా ఉంటాయి, చర్మం కింద సాగడానికి జాగా ఉండదు. ఒక్క చుక్క చీము చేరినా ఒత్తిడి బాగా పెరుగుతుంది. చేయి కిందికి వేలాడేసినప్పుడు రక్తం వేలిలోకి దిగి సలుపు ఎక్కువవుతుంది.

మొదటి పని: వెలుతురులో పెట్టి చూడటం

పగటి వెలుతురులో రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, బాగున్న చేతి అదే వేలితో పోల్చండి. మన చర్మపు రంగు మీద ఎరుపు స్పష్టంగా తెలియకపోవచ్చు. ఊదా ఛాయలోనో ముదురు గోధుమ రంగులోనో కనబడుతుంది. అందువల్ల రంగు కన్నా వాపును, వేడిని, నొప్పిని ఎక్కువగా పట్టించుకోవాలి. గోటి పక్క చర్మం ఉబ్బి మెరుస్తోందా? గోటి అంచు వెంట పసుపుగానో తెల్లగానో చుక్క కనిపిస్తోందా? గోరు కిందికే ఆ రంగు పాకిందా?

చుక్క కనబడకపోతే వైద్యులు వాడే ఒక తేలికపాటి పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. అదే చేతి బొటనవేలి మెత్తని భాగాన్ని, నొప్పి ఉన్న వేలి కొస మెత్తని భాగానికి ఆనించి నెమ్మదిగా నొక్కాలి. గోటి వైపు కాదు, అడుగు వైపు. లోపల చీము గూడు కట్టి ఉంటే ఉబ్బిన చర్మం మీద ఒక చోట మాత్రం హద్దు గీసినట్టు పాలిపోతుంది. చీము లేకపోతే అలాంటి హద్దు ఏర్పడదు. ఇది నూటికి నూరుపాళ్లు తేల్చే పరీక్ష కాదు. ముదురు రంగు చర్మం మీద పోల్చుకోవడం మరీ కష్టం. బొటనవేలికే గోరుచుట్టు వస్తే చూపుడువేలితో నొక్కి చూడాలి.

ఉబ్బిన చోటు గట్టిగా ఉందా, లోపల నీరు కదిలినట్టు మెత్తబడిందా అన్నది కూడా చెప్పదగ్గ ఆనవాలే. గట్టిగా ఉంటే చీము ఇంకా చేరలేదనుకోవచ్చు. మెత్తబడితే చేరిందనే అర్థం.

చీము లేనప్పుడు: వేడినీటి కాపడం

ముందుగా ఆ వేలికి ఉంగరం ఉంటే తీసేయండి. వాపు పెరిగాక అది దిగదు, రక్తప్రసరణకు అడ్డుపడుతుంది.

ఒక శుభ్రమైన గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకోండి. మోచేతికి హాయిగా వెచ్చగా తగిలేంత వేడి చాలు. ఎక్కువ వేడి వల్ల ఎక్కువ గుణం రాదు, చర్మం కాలుతుంది. షుగర్ వల్ల చేతుల్లో స్పర్శ తగ్గినవారు నీటి వేడిని ఇంట్లో మరొకరి చేత చూపించుకోవాలి. వేలిని పూర్తిగా ముంచి 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. నీళ్లు చల్లారితే మళ్లీ వెచ్చటివి కలపాలి. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. ఒకసారి చేసి ‘తగ్గలేదు’ అని వదిలేస్తే ఫలితం ఉండదు. ఉదయం లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు అని వేళలు పెట్టుకుంటే మానకుండా సాగుతుంది.

నీళ్లలో ఉప్పు వేయాలా అని చాలామంది అడుగుతారు. వేసినా నష్టం లేదు, కానీ పని చేసేది ముఖ్యంగా వెచ్చదనమే. వెచ్చదనానికి రక్తప్రసరణ పెరుగుతుంది, గోటి అంచు చర్మం మెత్తబడుతుంది, లోపల కొద్దిగా స్రావం ఉంటే దారి చేసుకుని బయటికి వస్తుంది. డెట్టాల్ లాంటి క్రిమిసంహారకాన్ని నీళ్లు కలపకుండా నేరుగా వేలికి పోయవద్దు. తెగిన చర్మం దానికి కాలి, మానడం ఆలస్యమవుతుంది.

వేలు బయటికి తీశాక మెత్తని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తడి ఒత్తేయాలి. గోటి సందులో చెమ్మ నిలిస్తే చర్మం నాని మరింత చిట్లుతుంది. తరువాత 2 శాతం ముపిరోసిన్ లేదా ఫ్యూసిడిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ పలుచగా పూయవచ్చు. రోజుకు ఎన్నిసార్లో ఫార్మసిస్టునో డాక్టరునో అడిగి పూయండి. పైన వదులుగా చిన్న గాజుగుడ్డ కట్టు చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మందుల దుకాణంలో ‘గోటి దగ్గర ఇన్‌ఫెక్షన్’ అనగానే స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీమ్ చేతికివ్వడం మన దగ్గర చాలా మామూలు. గోరుచుట్టులో వాపు త్వరగా తగ్గేందుకు కొన్నిసార్లు డాక్టర్లే యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ పూత రాస్తారు, నిజమే. కానీ అది చీము లేదని, హెర్పిస్ వైరస్ వల్ల వచ్చింది కాదని వేలు చూసి నిర్ధారించుకున్నాక రాసేది. మనంతట మనం వాడితే పైకి ఎరుపు తగ్గినట్టు కనబడి, లోపల ఇన్‌ఫెక్షన్ ముదరవచ్చు.

నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. పెద్దలు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి లేదా రెండు, ఆరేసి గంటల ఎడంతో వేసుకోవచ్చు. 24 గంటల్లో మొత్తం 3 గ్రాములు దాటనివ్వవద్దు. కాలేయ జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను అడగాలి. రాత్రి చేతిని దిండు మీద, గుండె కన్నా ఎత్తులో పెట్టుకుని పడుకోండి. ఈ ఎత్తు వల్ల కూడా సలుపు తగ్గుతుంది.

నిమ్మకాయ సంగతి కూడా చెప్పాలి. గోరుచుట్టు రాగానే నిమ్మకాయకు కన్నం చేసి వేలికి తొడగడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న పద్ధతి. చల్లగా తగిలి కాసేపు ఉపశమనంగా అనిపించవచ్చు. కానీ తెగిన చర్మానికి ఆ పులుపు మంట పెడుతుంది, గంటల తరబడి తడిలో ఉంచి చర్మాన్ని నానబెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, వేలిని కళ్లకు కనబడనివ్వదు. చీము చేరుతోందా అని గమనించవలసిన ఆ రెండు రోజులూ నిమ్మకాయ లోపలే గడిచిపోతాయి. పెద్దవాళ్లు ప్రేమగా తొడుగుతామన్నప్పుడు కాదనడం కష్టమే. ఆ శ్రద్ధనే వేడినీళ్ల వైపు తిప్పితే మేలు. పేడ, సున్నం, ఆకుపసరు వంటివి మాత్రం తెగిన చర్మం మీద అసలు పెట్టకూడదు. పేడలో ధనుర్వాతం కలిగించే క్రిములు ఉండే ప్రమాదం ఉంది.

ఒక వేలి కథ, రోజువారీగా

ఇంటర్ పరీక్షలకు చదువుకునే అబ్బాయిని ఊహించుకోండి. ఆదివారం రాత్రి చదువుతూ కుడిచేతి మధ్యవేలి గోటి పక్కన లేచిన తోలును పళ్లతో లాగేశాడు. సోమవారం సాయంత్రానికి ఆ మూల ఎర్రబడింది. కలం పట్టుకుంటే నొప్పి. మంగళవారం పొద్దున వాపు గోటి మొదలు దాకా వచ్చింది, గట్టిగా ఉంది, పసుపు చుక్క లేదు, జ్వరం లేదు, వేలు మామూలుగానే వంగుతోంది. ఇది ఇంట్లో చూసుకోదగ్గ దశ. కాపడం ఆ రోజే మొదలుపెట్టాలి.

బుధవారం రాత్రికి ఈ కథ రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. మొదటి దారిలో నొప్పి నిన్నటి కన్నా తగ్గుతుంది, ఉబ్బు మీద చర్మం ముడతలు పడుతుంది. వాపు దిగుతోందనడానికి ఈ ముడతలే మంచి గుర్తు. మరో మూడు నాలుగు రోజులు కాపడం కొనసాగిస్తే వేలు మామూలవుతుంది. రెండో దారిలో నాలుగు పూటలా కాపడం పెట్టినా నొప్పి పెరిగి, సలుపుకు నిద్ర పట్టదు. గురువారం పొద్దున చూస్తే గోటి అంచున పచ్చటి గీత, ముట్టుకుంటే మెత్తదనం. అంటే చీము చేరింది. ఇక కాపడం ఒక్కటే సరిపోదు. ఆ పూటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పరీక్ష శనివారం కదా, అయ్యాక చూద్దాం అనుకుంటే శనివారానికి అతను కలం పట్టుకోలేడు. గురువారం తీయించుకుంటే చాలావరకు పట్టుకోగలడు.

కాపడం సరిగ్గా చేసినా రెండు రోజుల్లో మెరుగు కనబడకపోతే, చీము పైకి కనబడకపోయినా చూపించుకోవాలి. చీము కనబడితే రెండు రోజులు కూడా ఆగక్కరలేదు.

చీము తీయడం అంటే ఏం చేస్తారు

చాలామంది ఆగిపోయేది భయంతోనే. ‘గోరు పీకేస్తారట’ అన్న మాట ఎక్కడో విని ఉంటారు. మామూలు గోరుచుట్టుకు గోరు తీయరు.

వేలు శుభ్రం చేశాక, వేలి మొదట్లో రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ సూదే ఈ మొత్తంలో బాగా నొప్పి పెట్టేది. కొన్ని నిమిషాల్లో వేలు మొద్దుబారుతుంది. చీము పైకి తేలి చర్మం పలుచగా తెల్లబారి ఉంటే కొందరు మత్తు కూడా ఇవ్వరు, ఎందుకంటే ఆ చర్మానికి అప్పటికే స్పర్శ ఉండదు. తరువాత సన్నని బ్లేడు మొననో సూది మొననో గోటి మీద బల్లపరుపుగా ఆనించి, గోటికీ ఉబ్బిన చర్మానికీ మధ్య సందులోకి జరుపుతారు. చర్మం కాస్త పైకి లేవగానే చీము దానంతట అదే వచ్చేస్తుంది. చాలాసార్లు చర్మాన్ని కోయవలసిన పనే ఉండదు, కుట్లూ ఉండవు. సెలైన్‌తో కడిగి, గూడు పెద్దదైతే చిన్న గాజుగుడ్డ పీలికను ఒకటి రెండు రోజులు అందులో ఉంచి కట్టు కడతారు. చీము గోరు కిందికి పాకి ఉంటేనే గోటిలో కొంత భాగం తీస్తారు. అది మళ్లీ పెరుగుతుంది, కాకపోతే చేతి గోరు పూర్తిగా పెరగడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు.

చీము పోగానే ఒత్తిడి పోతుంది, ఆ సలుపు అప్పటికప్పుడే తగ్గుతుంది. ఇదంతా మైనర్ ప్రొసీజర్ గది ఉన్న క్లినిక్‌లోనో ప్రభుత్వ ఆసుపత్రిలోనో జరిగే చిన్న పని. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. అక్కడ చేయకపోతే ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెబుతారు. వెళ్లినప్పుడు షుగర్ ఉందా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, పెన్సిలిన్ పడదా, చివరిసారి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారు అన్నవి చెప్పండి.

ఇదే పనిని ఇంట్లో కుట్టుసూదిని దీపానికి కాల్చి చేయవచ్చు కదా అన్న ఆలోచన వస్తుంది. దయచేసి వద్దు. సూది సందులోకి కాక పక్కకు పోతే ఇన్‌ఫెక్షన్ వేలి కొస మెత్తని భాగంలోకి దిగుతుంది. గోరు పుట్టే చోట గుచ్చుకుంటే ఆ గోరు శాశ్వతంగా గాడి పడి పెరగవచ్చు. గట్టిగా నొక్కి పిండడమూ అంతే, చీము బయటికి కాక లోపలికి నెట్టబడుతుంది. కాపడం పెడుతుండగా దానంతట అదే చిట్లి చీము కారితే మాత్రం మంచిదే. కారనివ్వండి, సబ్బు నీళ్లతో కడిగి, కట్టు కట్టి, కాపడం కొనసాగించండి. ఆ గుడ్డా తువ్వాలూ ఇంట్లో మరొకరు వాడకూడదు.

తీయించాక

మర్నాడు, లేదా డాక్టర్ చెప్పినప్పుడు, కట్టు విప్పి మళ్లీ గోరువెచ్చని కాపడం మొదలుపెట్టాలి. రెండు మూడు రోజులు సందు మూసుకుపోకుండా ఉండటమే దీని ఉద్దేశం. కొద్దిగా రక్తం కలిసిన స్రావం ఒకటి రెండు రోజులు రావడం సహజం.

చీము పూర్తిగా వచ్చేసి, చుట్టూ ఎరుపు పాకకపోతే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కరలేదు. డాక్టర్ రాయకపోతే ‘మాత్రలేవీ ఇవ్వలేదే’ అని బాధపడవద్దు. ఎరుపు గోటి పక్క నుంచి వేలి మీదికి పాకినా, షుగర్ ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా రాస్తారు. రాసినప్పుడు నొప్పి తగ్గిందని మధ్యలో మానకుండా చెప్పినన్ని రోజులూ వాడాలి. మొదట్లోనే మాత్రలు వేసుకుంటే చీము తీయించే పని తప్పుతుందా అంటే, గూడు కట్టక ముందైతే తప్పవచ్చు. కట్టాక ఆ గూటి లోపలికి రక్తం చేరదు, రక్తంతో వచ్చే మందూ సరిగా చేరదు.

తీయించిన రెండు రోజుల తరువాత కూడా సలుపు తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా తిరిగి వెళ్లండి. చీము కొంత గోరు కింద మిగిలిపోయి ఉండవచ్చు. అరుదుగా ఎముక దాకా పోయిందేమోనని ఎక్స్‌రే తీయిస్తారు.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

షుగర్ ఉన్నవారు చీము కోసం ఎదురుచూడకూడదు, వాపు కనబడిన రోజే చూపించుకోవాలి. ఇన్‌ఫెక్షన్ వల్ల షుగర్ పెరుగుతుంది, పెరిగిన షుగర్ ఇన్‌ఫెక్షన్‌ను ముదరనిస్తుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే అదే రోజు పరీక్షించుకుని ఆ అంకె డాక్టర్‌కు చెప్పండి. కీమోథెరపీలో ఉన్నవారికీ, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికీ, పసిపిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

జ్వరం, చలి వచ్చినా, చేతి మీదికి ఎర్రటి చార పాకినా, చంకలో బిళ్ళ కట్టినా ఇన్‌ఫెక్షన్ వేలు దాటిందని అర్థం. వేలి కొస మెత్తని భాగం మొత్తం బిగిసి రాయిలా గట్టిపడి పోటు పెడితే అది గోరుచుట్టు దాటి ఫెలన్ అనే మరో దశ. అక్కడ వేరే చోట కోసి తీయాలి.

ఇక ఒక్క గంట కూడా ఆగకూడనిది వేలిని వంచే స్నాయువు చుట్టూ ఉండే గొట్టంలో ఇన్‌ఫెక్షన్. దీన్ని నాలుగు లక్షణాలతో గుర్తిస్తారు. వేలు మొత్తం ఒకే తీరున ఉబ్బుతుంది. కొద్దిగా వంగిన భంగిమలోనే ఉండిపోతుంది. అరచేతి వైపు వేలి పొడవునా నొక్కితే నొప్పి ఉంటుంది. మరొకరు నెమ్మదిగా వేలు చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. ఇందులో ఏది కనబడినా రాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆలస్యమైతే వేలు శాశ్వతంగా బిగిసిపోవచ్చు.

కోయకూడని గోరుచుట్టు

గోరుచుట్టులా కనిపిస్తూనే కోయకూడనిది ఒకటి ఉంది. అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చేది. ముందు ఒకటి రెండు రోజులు చిమచిమలాడి మంట పుడుతుంది. తరువాత చీము గూటికి బదులు నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. పైకి కనబడే దానికన్నా నొప్పి చాలా ఎక్కువ. నోట్లో పుండ్లు ఉన్న పిల్లవాడు వేలు చప్పరించినా, పెదవి మీద పొక్కులున్నప్పుడు గోళ్లు కొరికినా వస్తుంది. దీన్ని కోస్తే చీము రాదు, పైగా పుండులో బ్యాక్టీరియా చేరుతుంది. మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతట అదే మానుతుంది. మొదట్లోనే చూపిస్తే వైరస్ మందు ఇస్తారు. పొక్కుల గుంపు కనబడితే ‘చీము తీయండి’ అని అడగకుండా, ‘ఇది హెర్పిస్ కావచ్చా’ అని అడగండి.

ఆరు వారాలు దాటి, చీము లేకుండా, గోటి మొదలు ఉబ్బి క్యూటికిల్ ఊడిపోయి ఉంటే అది దీర్ఘకాలిక రకం. ఎప్పుడూ నీళ్లలో చేతులు పెట్టే హోటల్ పనివారిలో, ఇంట్లో అంట్లు తోమేవారిలో ఎక్కువ. దానికి కాపడం, చీము తీయడం పనికిరావు. లోపల నూలు గ్లవ్స్, పైన రబ్బరు గ్లవ్స్ వేసుకుని చేతులు పొడిగా ఉంచడం, చర్మవ్యాధుల నిపుణులు రాసే పూత అసలు వైద్యం. ఏ మందుకూ లొంగకుండా ఒకే వేలికి నెలల తరబడి పుండు ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి, ఎందుకంటే అరుదుగా చర్మ క్యాన్సర్ కూడా ఇలాగే కనబడుతుంది.

వేలు మానాక చేయవలసింది గోటి పక్కన లేచే తోలును లాగకుండా ఉండటం. స్నానం తరువాత, అది మెత్తగా ఉన్నప్పుడు, చిన్న పదునైన కత్తెరతో మొదలుకంటా కత్తిరించాలి. చేతులు పొడిబారితే తోలు లేస్తుంది కాబట్టి పడుకునే ముందు గోళ్ల చుట్టూ వాసెలిన్ రాయండి. గోళ్లను మూలల్లోకి లోతుగా దింపకుండా కత్తిరించాలి. కొరికే అలవాటు మానలేని పిల్లలకు గోళ్లకు పూసే చేదు ద్రావణం మందుల షాపుల్లో దొరుకుతుంది. చర్మం చిట్లి ఉన్నంతకాలం మాత్రం అది పూయవద్దు, మంట పుడుతుంది.